బోర్డు వెలిగింది, పోర్టు ఏది?

ఆర్డుయినో నేర్చుకోవాలని మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఆగిపోయేది ప్రోగ్రాము రాయడం దగ్గర కాదు. అంతకు ముందే, సాఫ్ట్‌వేరులో Tools మెనూ తెరిచి Port అనే మాట మీదకు వెళ్లినప్పుడు. అక్కడ బోర్డు పేరు ఉండాలి, లేదా కనీసం COM3, COM5 లాంటి ఒక అంకె ఉండాలి. చౌక బోర్డు కొన్నవాళ్లకు అక్కడ ఏమీ ఉండదు. బోర్డు మీద దీపం మాత్రం చక్కగా వెలుగుతూ ఉంటుంది. దీపం వెలుగుతోంది కాబట్టి బోర్డు బాగానే ఉంది, తప్పంతా సాఫ్ట్‌వేరులోనే ఉందనుకుని దాన్ని తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. అయినా పోర్టు రాదు. రాదు కూడా, ఎందుకంటే పోర్టును పుట్టించేది ఆ సాఫ్ట్‌వేరు కాదు.

ఈ ఒక్క సంగతి తెలిస్తే మిగతా పనంతా వరుసలో పడుతుంది. ఆర్డుయినో సాఫ్ట్‌వేరు పోర్టును తయారు చేయదు, ఉన్న పోర్టును చూపిస్తుంది, అంతే. తయారు చేసేది విండోస్ లేదా లైనక్స్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్. దానికి మూడు కావాలి: డేటా మోయగల కేబుల్, బోర్డు మీద యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే చిప్, ఆ చిప్‌తో మాట్లాడగల డ్రైవర్. ఈ మూడింటిలో ఏది తప్పినా మెనూ ఖాళీగానే ఉంటుంది.

ఊనో బోర్డును చేతిలోకి తీసుకుని చూడండి. అందరి కన్నూ పడేది మధ్యలో ఉన్న పెద్ద నల్లటి చిప్ మీద. దాని పేరు ఏటీమెగా328పీ. మనం రాసే ప్రోగ్రాము నడిచేది అందులోనే. కానీ ఆ చిప్‌కు యూఎస్‌బీ అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసింది సీరియల్ ఒక్కటే. ఒక తీగ మీద బిట్లు ఒకదాని వెనుక ఒకటి పంపడం, ఇంకో తీగ మీద అందుకోవడం. పాత కంప్యూటర్లకు వెనుకవైపు తొమ్మిది పిన్నుల సాకెట్ ఉండేది. దాన్నే సీరియల్ పోర్టు అనేవాళ్లు, విండోస్ దాన్ని COM1, COM2 అని పిలిచేది. 2005లో ఇటలీలోని ఇవ్రేయా పట్టణంలో ఆర్డుయినో మొదలైన కాలంలో, ఆ తొమ్మిది పిన్నుల సాకెట్ నేరుగా ఉన్న బోర్డు కూడా వచ్చింది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఆ సాకెట్ లేదు, ఉన్నదల్లా యూఎస్‌బీయే. అందుకని బోర్డు మీద, యూఎస్‌బీ సాకెట్‌కు ఆనుకుని, రెండో చిప్ ఒకటి పెడతారు. కంప్యూటర్‌తో యూఎస్‌బీ భాషలోనూ పెద్ద చిప్‌తో సీరియల్ భాషలోనూ మాట్లాడే దుబాసీ అది.

మెనూలో మనకు కనబడే COM5 ఆ పెద్ద చిప్ కాదు, ఈ దుబాసీ. దీన్ని మనసులో ఉంచుకోవాలి. పెద్ద చిప్ కాలిపోయినా, అసలు సాకెట్లోంచి పీకేసినా, దుబాసీ బాగుంటే పోర్టు వస్తుంది. దుబాసీ పాడైతే, పెద్ద చిప్ ఎంత బాగున్నా పోర్టు రాదు.

అసలు ఊనో ఆర్3 బోర్డుకూ చౌక బోర్డుకూ ఉన్న ముఖ్యమైన తేడా ఈ రెండో చిప్‌లోనే ఉంది. ఆర్డుయినో తన బోర్డుల సర్క్యూట్ నమూనాలను అందరికీ అందుబాటులో పెట్టింది. వాటిని చూసి ఎవరైనా బోర్డు తయారు చేసుకోవచ్చు, ఆర్డుయినో అనే పేరూ గుర్తూ మాత్రం వాడకూడదు. అసలు బోర్డులో దుబాసీగా ఏటీమెగా16యూ2 అనే చిప్ ఉంటుంది. అది కూడా ఒక చిన్న కంప్యూటరే, కాబట్టి ఫ్యాక్టరీలో దానిలోకి విడిగా ప్రోగ్రాము ఎక్కించాలి. చౌక బోర్డులు చేసేవాళ్లు ఆ ఖర్చూ ఆ పనీ తప్పించుకోవడానికి చైనాలోని నాన్‌జింగ్ నగరానికి చెందిన డబ్ల్యూసీహెచ్ కంపెనీ చిప్ సీహెచ్340ని పెడతారు. దానిలోకి ఏమీ ఎక్కించనక్కర్లేదు, బోర్డు మీద అతికిస్తే పని మొదలుపెడుతుంది.

తేడా ధరతో ఆగదు. యూఎస్‌బీ వస్తువు ఏదైనా కంప్యూటర్‌కు తగిలించగానే తన గుర్తింపును రెండు సంఖ్యల్లో చెప్పుకుంటుంది: తయారీదారు సంఖ్య ఒకటి, వస్తువు సంఖ్య ఒకటి. దాంతోపాటు తాను ఏ తరగతికి చెందుతుందో కూడా చెబుతుంది. కీబోర్డు కీబోర్డు తరగతి అంటుంది, పెన్‌డ్రైవ్ నిల్వ తరగతి అంటుంది. అలాంటి వాటికి విండోస్ దగ్గర డ్రైవర్ ముందే సిద్ధంగా ఉంటుంది కాబట్టి మనం ఏమీ చేయనక్కర్లేదు. అసలు ఊనోలోని 16యూ2 కూడా ఇలాంటి ప్రామాణిక తరగతి పేరే చెబుతుంది. అందుకే విండోస్ 10, 11లలో దాన్ని తగిలించిన వెంటనే పోర్టు వచ్చేస్తుంది. సీహెచ్340 అలా కాదు. తాను ఏ ప్రామాణిక తరగతికీ చెందననీ, తన తయారీదారు డ్రైవర్ ఉంటేనే మాట్లాడతాననీ చెబుతుంది. ఆ డ్రైవర్ దొరకనంతవరకూ విండోస్‌కు ఏదో వస్తువు తగిలిందని తెలుస్తుంది గానీ అది సీరియల్ పోర్టు అని తెలియదు.

ఇక సాఫ్ట్‌వేరు ఎక్కించే పని. నిజానికి ఇది సులువైన భాగం. arduino.cc వెబ్‌సైటులో సాఫ్ట్‌వేరు పేజీకి వెళ్లి ఆర్డుయినో ఐడీఈ రెండో తరం సంచికను దించుకోవాలి. దించుకునే ముందు విరాళం ఇస్తారా అని అడుగుతుంది. ఇవ్వడం మన ఇష్టం, ఇవ్వకుండా దించుకునే మీట కూడా అక్కడే ఉంటుంది. ఈ రెండో తరానికి విండోస్ 10 గానీ ఆ తర్వాతది గానీ, అదీ 64 బిట్లది కావాలి. ఇంట్లో పాత 32 బిట్ల ల్యాప్‌టాప్ మూలన పడి ఉంటే దాన్ని పక్కన పెట్టేయక్కర్లేదు. మొదటి తరంలో చివరిదైన 1.8.19 దాని మీద నడుస్తుంది, ఊనో పనికి అది చాలు.

మొదటిసారి తెరిచినప్పుడు ఐడీఈ కొంతసేపు ఇంటర్నెట్ నుంచి తనకు కావలసినవి తెచ్చుకుంటుంది. ఊనో లాంటి బోర్డులకు అవసరమైన కంపైలరూ, ప్రోగ్రామును బోర్డులోకి ఎక్కించే పరికరమూ అందులో ఉంటాయి. కింది మూలన ఆ వివరాలు కదులుతూ ఉన్నంతసేపు కిటికీ మూసేయకూడదు. ఈలోగా విండోస్ ఫైర్‌వాల్ mdns-discovery అనే దానికి అనుమతి అడుగుతుంది. అది వైఫై మీద ఉండే బోర్డులను వెతకడానికి మాత్రమే, యూఎస్‌బీ బోర్డుకు అక్కర్లేదు. అనుమతి ఇచ్చినా ఇవ్వకపోయినా మన పనికి తేడా రాదు.

ఆ తర్వాత డ్రైవర్ ఎక్కించమంటారా అని ఒకటి రెండు కిటికీలు వస్తాయి. అందరూ సరే అని నొక్కుతారు, నొక్కాలి కూడా. కానీ చౌక బోర్డు వాళ్లు దారి తప్పేది ఇక్కడే. డ్రైవర్ ఎక్కింది కదా, ఇంకేం కావాలని అనుకుంటారు. ఆ కిటికీలు ఆర్డుయినో తయారు చేసిన బోర్డులకూ, అడాఫ్రూట్ లాంటి మరికొన్ని కంపెనీల బోర్డులకూ చెందిన డ్రైవర్లవి. సీహెచ్340 డ్రైవర్ వాటిలో లేదు. దాన్ని విడిగా తెచ్చుకోవాలి.

మా మేనల్లుడు ఖమ్మంలో ఇంటర్ చదువుతున్నాడు. హైదరాబాదు వచ్చినప్పుడు కోఠిలోని గుజరాతీ గల్లీలో ఊనో లాంటి బోర్డు ఒకటి కొనుక్కెళ్లాడు. ఇంటికి వెళ్లాక ఫోను చేశాడు. "మామయ్యా, లైటు వెలుగుతోంది, పోర్టు మాత్రం రావట్లేదు. ఐడీఈ తీసేసి మళ్లీ ఎక్కించాను. అయినా అంతే."

"ఐడీఈ జోలికి పోకురా. ముందు దాన్ని మూసేసెయ్. కేబుల్ పీకి మళ్లీ పెట్టు. కంప్యూటర్ టింగుమందా?"

అనలేదన్నాడు. రోగం ఎక్కడుందో సగం తెలిసిపోయింది. యూఎస్‌బీలో కొత్త వస్తువు ఏది తగిలినా, డ్రైవర్ ఉన్నా లేకపోయినా, విండోస్ చిన్న చప్పుడు చేస్తుంది. స్పీకర్ల శబ్దం ఆపేసి ఉంటే తప్ప అది వినబడి తీరాలి. చప్పుడే లేదంటే బోర్డు చెప్పిన మాట కంప్యూటర్ దాకా చేరలేదన్నమాట. యూఎస్‌బీ కేబుల్‌లో మామూలుగా నాలుగు తీగలు ఉంటాయి. రెండు కరెంటుకు, రెండు డేటాకు. చార్జింగు కోసం మాత్రమే చేసిన కేబుళ్లలో కరెంటు తీగలు రెండే ఉంటాయి. పైకి చూస్తే రెండు కేబుళ్లూ ఒకేలా ఉంటాయి. బోర్డు మీది దీపం వెలగడానికి కరెంటు తీగలు చాలు. అందుకే దీపాన్ని నమ్మకూడదు. ఊనోకు చదరంగా ఉండే సాకెట్ ఉంటే ప్రింటర్ కేబుల్ సరిపోతుంది, అందులో డేటా తీగలు తప్పకుండా ఉంటాయి. చిన్న సాకెట్ ఉండే నానో బోర్డుల వాళ్లకూ, మైక్రో యూఎస్‌బీ బోర్డుల వాళ్లకూ ఈ చిక్కు ఎక్కువ. మావాడి బోర్డుకు మైక్రో యూఎస్‌బీ సాకెట్ ఉంది. వాడు పెట్టింది ఏదో హెడ్‌ఫోన్‌తో వచ్చిన చార్జింగు కేబుల్. ఫోనులోంచి కంప్యూటర్‌కు ఫొటోలు ఎక్కించుకునే కేబుల్ వెతికి పెట్టమన్నాను. ఆ పనికి వచ్చే కేబుల్ అయితే డేటా తీగలు ఉన్నట్టే. పెట్టగానే చప్పుడు వచ్చింది. పోర్టు మాత్రం ఇంకా రాలేదు.

ఇప్పుడు చూడాల్సింది ఐడీఈలో కాదు, విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో. స్టార్ట్ మీట మీద మౌసు కుడి బొత్తాం నొక్కితే ఆ పేరు జాబితాలో కనబడుతుంది. తెరిచాక Other devices అనే శీర్షిక కింద పసుపు త్రికోణంతో USB2.0-Serial లేదా USB Serial అని ఒక వరుస ఉందని మావాడు చదివి చెప్పాడు. ఇది శుభవార్త. కేబుల్ బాగుంది, చిప్ బతికే ఉంది, తన పేరు చెప్పుకుంది. ఇక డ్రైవర్ ఒక్కటే తక్కువ. అదే చోట Unknown USB Device అనీ, పక్కనే Device Descriptor Request Failed అనీ వస్తే అర్థం పూర్తిగా వేరు. చిప్ తన గుర్తింపును సరిగ్గా చెప్పలేకపోయిందని దాని భావం. అప్పుడు ఏ డ్రైవర్ ఎక్కించినా ఉపయోగం లేదు. ఇంకో కేబుల్, ఇంకో సాకెట్ పెట్టి చూడాలి, అప్పటికీ అదే వస్తే బోర్డు మార్చుకోవాలి.

ఆ బోర్డులో ఉన్నది సీహెచ్340యేనా అన్నది ఊహించనక్కర్లేదు. పసుపు త్రికోణం ఉన్న వరుస మీద కుడి బొత్తాం నొక్కి Properties తెరిచి, Details అనే చోట Hardware Ids ఎంచుకుంటే ఆ రెండు సంఖ్యలూ కనబడతాయి. మావాడు చదివింది ఇది:

```
USB\VID_1A86&PID_7523
```

1A86 డబ్ల్యూసీహెచ్ కంపెనీ సంఖ్య, 7523 సీహెచ్340ది. అక్కడ 10C4, EA60 ఉంటే అది సిలికాన్ ల్యాబ్స్ వారి సీపీ2102 రకం చిప్. ఈఎస్‌పీ32 బోర్డుల్లో అది తరచుగా కనిపిస్తుంది, దాని డ్రైవర్ వేరు. 0403, 6001 ఉంటే ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్, లేదా దాని నకలు. బోర్డు అమ్మినవారి మాట కన్నా, పెట్టె మీది రాత కన్నా ఈ సంఖ్యలు నమ్మదగ్గవి. చిప్ మీద ఉన్న అక్షరాలు చదవగలిగినా సరే. కాకపోతే కొన్ని బోర్డుల మీద అవి చెరిగిపోయి ఉంటాయి, నానోలో ఆ చిప్ బోర్డు అడుగున ఉంటుంది.

ఎఫ్‌టీడీఐ నకళ్ల గురించి ఒక మాట చెప్పాలి. 2014లో ఆ కంపెనీ విండోస్ అప్‌డేట్ ద్వారా విడుదల చేసిన డ్రైవర్ నకలు చిప్‌లను గుర్తుపట్టి, వాటిలోని వస్తువు సంఖ్యను సున్నా చేసేసింది. దాంతో ఆ చిప్‌లున్న పరికరాలు ఏ కంప్యూటర్‌లోనూ గుర్తింపు పొందలేకపోయాయి. గొడవ పెద్దదయ్యాక ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకున్నారు. నకలు చిప్ ఉందని తెలియకుండా కొన్నవాడు ఆ నష్టం భరించాల్సి రావడం అన్యాయమనే నేను అనుకుంటాను. చౌక బోర్డే కొనేటట్లయితే, ఎఫ్‌టీడీఐ అని ముద్రించిన అనుమానపు చిప్ కన్నా తన పేరు తాను చెప్పుకునే సీహెచ్340 మేలు.

డ్రైవర్ సంగతికి వస్తే, ల్యాప్‌టాప్‌లో ఇంటర్నెట్ ఉంటే చాలాసార్లు విండోస్ 10, 11 దాన్ని తామే తెచ్చుకుంటాయి. బోర్డు తగిలించి కాసేపు వదిలేసినా రావచ్చు, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌కు వెళ్లి వెతకమన్నా రావచ్చు. మావాడి ల్యాప్‌టాప్‌లో అప్‌డేట్లు ఆపేసి ఉన్నాయి కాబట్టి రాలేదు. అప్పుడు డబ్ల్యూసీహెచ్ వారి సొంత వెబ్‌సైటు నుంచి CH341SER.EXE అనే ఫైలు దించుకోవాలి. పేరులో 341 ఉందని కంగారు పడక్కర్లేదు, 340కీ అదే. వెతికితే ఇదే ఫైలు పంచిపెట్టే ఇతర సైట్లు చాలా వస్తాయి. డ్రైవర్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ లోపలికి చేరే ప్రోగ్రాము. దాన్ని ఎవరి దగ్గర పడితే వారి దగ్గర తీసుకోకూడదు.

ఆ ఫైలు తెరిస్తే చిన్న కిటికీ వస్తుంది. INSTALL నొక్కాక వచ్చే సందేశాన్ని చదవాలి. `Driver install success!` అంటే బోర్డు తగిలి ఉంది, డ్రైవర్ దానికి అమరింది. `Pre-installed` అనే మాట ఉన్న సందేశం వస్తే, డ్రైవర్ కంప్యూటర్‌లోకి చేరింది గానీ అమర్చుకోవడానికి బోర్డు కనబడలేదని అర్థం. మొదటిసారి చూసేవాళ్లు రెండూ ఒకటే అనుకుంటారు. రెండోది వచ్చిందంటే మళ్లీ కేబుల్ సంగతి చూసుకోవాలి.

మావాడికి మొదటిదే వచ్చింది. డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం పోయి, Ports అనే శీర్షిక కింద ఈ వరుస వచ్చింది:

```
USB-SERIAL CH340 (COM5)
```

ఇప్పుడు ఐడీఈ తెరిస్తే Tools, Port కింద COM5 కనబడుతుంది. దాని పక్కన బోర్డు పేరు ఉండదు, ఆ మూలన Unknown అని కూడా రావచ్చు. దీనికి బెంగపడక్కర్లేదు. అసలు ఊనో తన సంఖ్యల్లోనే తాను ఊనోనని చెబుతుంది. సీహెచ్340 సంఖ్యలు చెప్పేది మాత్రం సీహెచ్340 అని మాత్రమే. అది ఊనో మీద ఉందో, నానో మీద ఉందో, ఇంకే యంత్రం మీద ఉందో కంప్యూటర్‌కు తెలిసే దారి లేదు. అందుకే బోర్డు జాబితాలో Arduino Uno అని మనమే ఎంచుకోవాలి.

జాబితాలో COM1, COM3, COM4 లాంటివి ఒకటికి మించి ఉంటే ఏది మనదో తేల్చడం తేలిక. కేబుల్ పీకి చూడాలి. ఏది మాయమైందో అదే మనది. మిగతావి మదర్‌బోర్డువో బ్లూటూత్‌వో అయి ఉంటాయి. ఇంకో సంగతి, సీహెచ్340కి సాధారణంగా సొంత క్రమసంఖ్య ఉండదు. అందువల్ల విండోస్ ఆ బోర్డును అది తగిలిన సాకెట్‌ను బట్టి గుర్తుపెట్టుకుంటుంది. నిన్న ఎడమవైపు సాకెట్లో COM5గా ఉన్నది ఇవాళ కుడివైపు పెడితే COM6 కావచ్చు. నిన్న పనిచేసింది ఇవాళ పనిచేయలేదని చెప్పేవాళ్లలో చాలామందికి జరిగింది ఇదే.

పోర్టు వచ్చాక నిజంగా పనిచేస్తోందో లేదో చూడాలి. ఇందుకు Blink అనే ఉదాహరణ ప్రోగ్రాము వాడతారు. చౌక బోర్డుల్లో చాలావాటికి ఫ్యాక్టరీలోనే Blink ఎక్కించి పంపుతారు. అప్పటికే మిణుకుమంటున్న దీపం మళ్లీ మిణుకుమంటే మన ప్రోగ్రాము వెళ్లిందో లేదో ఎలా తెలుస్తుంది? అందుకే వేగం మార్చి ఎక్కించాలి. ఉదాహరణలో సెకనుకు ఒకసారి మారేలా 1000 ఉంటుంది, దాన్ని 200 చేయాలి.

```
void setup() {
  pinMode(LED_BUILTIN, OUTPUT);
}

void loop() {
  digitalWrite(LED_BUILTIN, HIGH);
  delay(200);
  digitalWrite(LED_BUILTIN, LOW);
  delay(200);
}
```

బాణం గుర్తు నొక్కితే ముందు కంపైల్ అవుతుంది. తర్వాత ఐడీఈ పోర్టు తెరుస్తుంది. ఆ తెరవడంతోనే దుబాసీ చిప్ ఒక తీగ ద్వారా పెద్ద చిప్‌ను రీసెట్ చేస్తుంది. రీసెట్ అయిన వెంటనే పెద్ద చిప్‌లోని బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాము మేలుకుని, కొత్త ప్రోగ్రాము ఏదైనా వస్తోందా అని సుమారు సెకను పాటు ఎదురుచూస్తుంది. ఆ సెకనులోనే ఎక్కింపు మొదలవ్వాలి. దీపం చకచకా కొట్టుకోవడం మొదలైతే కేబుల్, చిప్, డ్రైవర్, పోర్టు అన్నీ సరిగ్గా ఉన్నట్టు.

పోర్టు ఉన్నా ఎక్కింపు విఫలమైతే, కింద ఎర్ర అక్షరాల్లో వచ్చే పొడుగాటి సందేశంలో ఒకటి రెండు మాటలు చూస్తే చాలు. `Access is denied` అని ఉంటే పోర్టును ఇంకేదో ప్రోగ్రాము పట్టుకుని ఉంది. సీరియల్ పోర్టు ఒకేసారి ఇద్దరికి దొరకదు. ఇంకో ఐడీఈ కిటికీనో, వెనుక నడుస్తున్న త్రీడీ ప్రింటర్ సాఫ్ట్‌వేరునో మూసేయాలి. `cannot find the file` అని ఉంటే ఎంచుకున్న COM సంఖ్య ఇప్పుడు లేదు, మళ్లీ ఎంచుకోవాలి. `can't set com-state` అని వస్తే డ్రైవర్ సంచికను అనుమానించాలి. కొన్ని చౌక చిప్‌లు కొత్త డ్రైవర్‌తో పోర్టుగా కనబడి కూడా తెరుచుకోవు. డివైస్ మేనేజర్‌లో ఆ పోర్టు Properties తెరిచి Driver అనే చోట Roll Back Driver నొక్కి పాత సంచికకు మారితే చాలాసార్లు సరిపోతుంది.

లైనక్స్ వాడేవాళ్లకు డ్రైవర్ బెడద లేదు, అది కెర్నల్‌లోనే ఉంది. పోర్టు `/dev/ttyUSB0` అనే పేరుతో వస్తుంది. ఉబుంటులో చిక్కు అనుమతి దగ్గర వస్తుంది. ఆ పోర్టును తెరిచే హక్కు dialout అనే గుంపులో ఉన్నవాళ్లకే ఉంటుంది. కింది ఆదేశం ఇచ్చి, లాగవుట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. లాగవుట్ కాకపోతే మార్పు అమలులోకి రాదు.

```
sudo usermod -a -G dialout $USER
```

ఉబుంటు 22.04లో ఇంకో విచిత్రం ఉంది. పోర్టు ఒక్క క్షణం వచ్చి మాయమవుతుంది. చూపులేనివాళ్లు వేళ్లతో చదివే బ్రెయిలీ పరికరాలను నడిపే brltty అనే సేవ, 1A86, 7523 సంఖ్యలు చూసి ఈ బోర్డును కూడా బ్రెయిలీ పరికరం అనుకుని లాక్కుంటుంది. ఆ సంఖ్యలున్న బ్రెయిలీ పరికరాలు నిజంగానే ఉన్నాయి కాబట్టి ఆ సేవది తప్పనలేం. ఆ కంప్యూటర్‌ను బ్రెయిలీ పరికరంతో వాడేవాళ్లెవరూ లేరని నిర్ధారించుకున్నాకే `sudo apt remove brltty` అని దాన్ని తీసేయాలి. మ్యాక్‌లో, 2018లో వచ్చిన మొజావే నుంచి ఆపిల్ సొంత డ్రైవరే ఇస్తోంది, మళ్లీ విడిగా ఎక్కిస్తే రెండూ తగువు పడతాయి.

చివరగా అన్నింటికన్నా విసిగించేది. పోర్టు ఉంటుంది, ఎక్కించబోతే `not in sync` అని పదే పదే వస్తుంది. దుబాసీ పిలుస్తున్నా పెద్ద చిప్ పలకడం లేదని దాని అర్థం. నానో బోర్డు అయితే ముందుగా Tools మెనూలో Processor కింద ATmega328P (Old Bootloader) ఎంచుకుని చూడాలి. పాత బూట్‌లోడర్ సెకనుకు 57600 బిట్ల వేగంతో, కొత్తది 115200తో మాట్లాడతాయి. చౌక నానోల్లో చాలావాటిలో ఉండేది పాతదే. ఈ ఒక్క మార్పుతో ఆ గొడవ తీరిపోవడం మామూలే.

అది కాకపోతే తప్పు దుబాసీదో పెద్ద చిప్‌దో తేల్చే పరీక్ష ఒకటుంది. రెండు జంపర్ తీగలు చాలు. ఒకదానితో RESET పిన్నును GNDకి కలపాలి. దాంతో పెద్ద చిప్ నోరు మూసుకుని ఉంటుంది. రెండోదానితో 0, 1 పిన్నులను కలపాలి. ఐడీఈలో పోర్టు ఎంచుకుని సీరియల్ మానిటర్ తెరిచి ఏదైనా మాట టైపు చేసి ఎంటర్ కొట్టాలి. ఆ మాట కంప్యూటర్ నుంచి డ్రైవర్ గుండా, కేబుల్ గుండా, దుబాసీ గుండా 0వ పిన్ను దాకా వెళ్లి, జంపర్ మీదుగా 1వ పిన్నుకు చేరి, వచ్చిన దారినే వెనక్కి వచ్చి మానిటర్‌లో కనబడాలి. జంపర్ తీసేస్తే కనబడకూడదు. ఇలా జరిగిందంటే డ్రైవర్, కేబుల్, సీహెచ్340 మూడూ నిర్దోషులే. తప్పు పెద్ద చిప్‌లోనో, దాని బూట్‌లోడర్‌లోనో, ఎంచుకున్న బోర్డు పేరులోనో ఉంది. జంపర్ ఉన్నా మాట తిరిగి రాకపోతే, పోర్టు తెర మీద కనబడుతున్నా ఆ సీహెచ్340 పనిచేయడం లేదు. అప్పుడు పెద్ద చిప్ సాకెట్లో ఉండే రకం బోర్డు అయితే దాన్ని జాగ్రత్తగా పీకి ఇంకో బోర్డులో పెట్టుకోవచ్చు.